అరబిక్ ఫొటోల తయారీ – మూడో పాఠం: చుక్క పోకుండా ఫొటో సరిచేయడం

పోయిన పాఠంలో ఫొటో ఎలా తీయాలో చూశాం. ఈసారి మనం తీయని ఫొటో సంగతి. ఎవరో మందుపెట్టె పక్కభాగాన్ని వంకరగా, మెరుస్తూ, కాస్త మసగ్గా తీసి పంపారు. అనువాదానికి ముందు అందులో ఏం రాసుందో నిక్కచ్చిగా తేలాలి.

అరబిక్‌లో ప్రాణమంతా చుక్కల్లో ఉంటుంది. ఒకే గిన్నె ఆకారం కింద ఒక చుక్క ఉంటే బా, పైన రెండుంటే తా, మూడుంటే సా. అంకెల్లో ఇది ఇంకా ప్రమాదం. తూర్పు అరబ్ దేశాల అంకెల్లో సున్నా అంటే వట్టి చుక్క, అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. అంటే 50 మిల్లీగ్రాములు అన్నచోట ఒక్క చుక్క చెరిగితే 5 అయిపోతుంది. ఫొటోకు ఏ మార్పు చేసినా ముందు అడగాల్సింది ఒక్కటే: ఇది చుక్కను మింగేస్తుందా?

అందుకే మొదట కొలవండి. ఫొటోను గళ్లు కనిపించేదాకా పెద్దది చేసి, ఒక చుక్క ఎన్ని పిక్సెళ్ల వెడల్పుందో లెక్కపెట్టండి. మన పెట్టె ఫొటోలో రెండు. చాలా తక్కువ. నాలుగైదు ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది. ఇప్పుడే తా మీది జంట చుక్కల మధ్య తెల్లని సందు ఉందేమో కూడా చూడండి. అచ్చు అక్షరాల్లో ఆ సందు పూడిపోయి గీతలా కనిపిస్తే మసక హద్దు దాటినట్టే. షార్పెన్ నొక్కితే అంచులు ముదురుతాయి గానీ లేని సందు పుట్టదు. అలాంటప్పుడు ఇంకో ఫొటో అడగడమే మేలు. మన ఫొటోలో సందు సన్నగానైనా ఉంది, ముందుకెళ్దాం.

ఇక వంకర. పై వరుస కింద ఒక గీత, అడుగు వరుస కింద ఒక గీత ఊహించుకోండి. రెండూ ఒకే కోణంలో వాలితే కాగితం తిరిగిందంతే. కోణాలు వేరైతే కెమెరా పక్కనుంచి చూసిందని అర్థం. దాన్ని తిప్పి సరిచేయలేం, నాలుగు మూలలూ పట్టి చదును చేయాలి. మనది రెండో రకం. ఒకసారి తిప్పి, తర్వాత చదును చేసి, ఆపై పెద్దది చేస్తే ప్రతిసారీ పిక్సెళ్లు కొంచెం కరుగుతాయి. మూడూ ఒకే దెబ్బలో చేయాలి. ఫొటోలను ఆదేశాలతో మార్చే ఇమేజ్‌మ్యాజిక్ ప్రోగ్రాం ఏడో వెర్షన్‌లో ఇలా:

```
magick a.jpg -colorspace Gray -define distort:viewport=3000x1200+0+0 -distort Perspective "212,340 0,0 1730,298 3000,0 1765,910 3000,1200 190,955 0,1200" a2.png
```

ప్రతి జంటలో మొదటిది ఫొటోలో మూల ఉన్న చోటు, రెండోది అది చేరాల్సిన చోటు. సుమారు 1500 పిక్సెళ్ల వెడల్పును 3000కు లాగాం కాబట్టి చుక్క నాలుగు పిక్సెళ్లయింది. కొత్త వివరమేమీ పుట్టలేదు, ఫొటోలోని అక్షరాలు చదివే టెసరాక్ట్ ప్రోగ్రాం దాన్ని దుమ్మనుకుని వదిలేసే అవకాశం తగ్గిందంతే.

మెరుపు దగ్గర చాలామంది బ్రైట్‌నెస్ తగ్గించి చూస్తారు. వృథా. మెరిసిన చోట పిక్సెల్ విలువ 255కు తగిలిందంటే కింది అక్షరం ఫొటోలోకి రానేలేదు, తగ్గిస్తే తెల్లమచ్చ బూడిదమచ్చ అవుతుంది. దీపం ఇంకో పక్క నుంచి పడేలా రెండో ఫొటో కావాలి. అడిగితే పంపారు. దాన్నీ దాని సొంత మూలలతో అదే 3000x1200 కొలతకు చదును చేసి b2.png అని పెడితే రెండూ ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి. ఇప్పుడు ప్రతి చోటా రెంటిలో ముదురు పిక్సెల్‌ని తీసుకుంటే మెరుపు తప్పుకుంటుంది, ఆపై టెసరాక్ట్‌తో చదివించాలి:

```
magick a2.png b2.png -evaluate-sequence Min c.png
tesseract c.png - -l ara --psm 6
```

c.png లో అక్షరాలు జంటగా, నీడలా కనిపిస్తే మూలలు సరిగా పట్టలేదన్నమాట. వెనక్కెళ్లి కొలవండి. పెట్టె పక్క ఉబ్బి ఉన్నా ఇలాగే అవుతుంది. అప్పుడు మొత్తాన్ని కాకుండా కావలసిన రెండు వరుసల చుట్టూ మూలలు పట్టండి.

మచ్చలు తుడిచే డిస్పెకిల్, మీడియన్ ఫిల్టర్ల జోలికి మాత్రం పోకండి. వాటికి దుమ్ముకూ సున్నాకూ తేడా తెలియదు. మన పెట్టె మీద ఫిల్టర్ లేకుండా 50 వచ్చింది. a.jpg మీదే మీడియన్ నడిపితే అక్కడ 5 మిగిలింది, పైగా వాక్యం చూస్తే అనుమానమే రాదు. అందుకే టెసరాక్ట్ చదివి ఇచ్చిన రాతలో ప్రతి అంకెనూ అసలు ఫొటో పక్కన పెట్టి, సున్నాలు ఎన్నున్నాయో కంటితో లెక్కచూశాకే అనువాదానికి పంపండి.

అభ్యాసం: మెరిసే పెట్టె ఏదైనా రెండు దీపాల కింద తీసి c.png దాకా రండి. వచ్చే పాఠంలో చేతిరాత. అక్కడ జంట చుక్కల్ని రాసేవాళ్లే గీతగా కలిపేస్తారు కాబట్టి ఈ సందు పరీక్ష పనికిరాదు.