సోషల్ జవాబు రాయడం, 5వ పాఠం: ఆనకట్ట ప్రశ్న

పోయిన పాఠంలో చిప్కో ప్రశ్న చూశాం. ఈసారి నర్మద. ప్రశ్న ఇది: "సర్దార్ సరోవర్ ఆనకట్టను నర్మదా లోయ ప్రజలు ఎందుకు వ్యతిరేకించారు? చర్చించండి." 8 మార్కులు.

గుంటూరు బ్రాడీపేటలో నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే ఒక అమ్మాయి జవాబు ఇలా మొదలుపెట్టింది: "పెద్ద ఆనకట్టల వల్ల పర్యావరణానికి హాని కలుగుతుంది. ఉదాహరణకు సర్దార్ సరోవర్, మన ప్రకాశం బ్యారేజీ." రెండో వాక్యం కింద ఎర్రగీత గీశాను. మన ఊరి పేరు పెడితే జవాబు బాగుంటుందని రాసింది పాపం. కానీ 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ వెనక నిలిచే నీళ్లు సుమారు 3 టీఎంసీలే. కృష్ణ మట్టాన్ని కాస్త లేపి కాలువల్లోకి మళ్లించడం దాని పని. దాని కోసం ఒక లోయంతా మునగలేదు. నాగార్జునసాగర్ అలా కాదు. మొదట్లో దాని నిల్వ సామర్థ్యం 408 టీఎంసీలు. స్కూలు టూర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం చూసిన వాళ్లు గుర్తు తెచ్చుకోండి, మీ లాంచీ కింద ఒక లోయ ఉంది. అక్కడి బౌద్ధ కట్టడాలు కొన్నింటిని రాయి రాయీ విడదీసి కొండ మీదికీ అనుపుకీ చేర్చారు. లోయలో ఉన్న మనుషులు ఎటు వెళ్లారో మ్యూజియంలో ఎవరూ అడగరు. మన జవాబు అక్కడే మొదలవ్వాలి.

పెన్ను పేపర్ మీద పెట్టేముందు మార్జిన్‌లో మూడు మాటలు రాసుకోండి: మునిగేది ఎక్కడ, నీళ్లు వెళ్లేది ఎక్కడికి, నిర్వాసితుల లెక్కలో లేనిది ఎవరు. మార్కులు ఎక్కువగా మూడోదాంట్లో ఉంటాయి, పిల్లలు వదిలేసేదీ దాన్నే.

మొదటి రెండూ కలిపి చూద్దాం. నర్మద మధ్యప్రదేశ్‌లోని అమరకంటక్‌లో పుడుతుంది. ఆనకట్ట ఉన్నది గుజరాత్‌లో, నది సముద్రంలో కలవడానికి కాస్త ముందు. ఆనకట్ట కిందివైపు నీళ్లిస్తుంది, ముంపు మాత్రం పైవైపుకి వెళ్తుంది. అందుకే ముంపు లెక్కలోకి వచ్చిన 245 గ్రామాల్లో గుజరాత్‌వి 19 మాత్రమే, మహారాష్ట్రవి 33. మిగిలిన 190కి పైగా మధ్యప్రదేశ్‌వి. కాలువ నీళ్లలో ఎక్కువ భాగం గుజరాత్‌కి, కొంత రాజస్థాన్‌కి. కచ్, సౌరాష్ట్ర లాంటి ఎండిన ప్రాంతాలకు తాగునీరు ఇవ్వడం నిజమైన అవసరమే. దాన్ని ఒక వాక్యంలో ఒప్పుకోండి. "చర్చించండి" అన్న ప్రశ్నకు ఒక వైపే రాస్తే పూర్తి మార్కులు రావు.

ఇక్కడ తెలివైన పిల్లలు "మధ్యప్రదేశ్‌కు ఏమీ దక్కలేదు" అని రాసి దొరికిపోతారు. అది తప్పు. కరెంటులో 57 శాతం వాటా మధ్యప్రదేశ్‌దే. ఇల్లు మునిగిన కుటుంబమూ, కరెంటు వాటా అందుకున్న రాష్ట్రమూ ఒకటి కాదు అని రాయండి. సరైన మాట అదే.

ఇక మూడోది. నర్మదా జల వివాదాల ట్రిబ్యునల్ 1979 తీర్పు చదివితే ముచ్చటేస్తుంది. 25 శాతానికి మించి భూమి కోల్పోయే కుటుంబానికి భూమికి భూమే ఇవ్వాలి, అదీ కనీసం 2 హెక్టార్లు. మేజరైన కొడుకును వేరే కుటుంబంగా లెక్కించాలి. మునగడానికి ముందే పునరావాసం జరగాలి. డబ్బు చేతిలో పెట్టి పంపేసిన ఆ రోజుల్లో ఇది చాలా మెరుగైన తీర్పు. మరి గొడవెందుకు వచ్చింది?

భూమి పోయిందని నిరూపించాలంటే పట్టా కావాలి. కొండల్లో తరతరాలుగా సాగు చేసుకుంటున్న ఆదివాసుల్లో చాలామందికి పట్టాల్లేవు. మన ఏజెన్సీలో పోడు భూముల సంగతి విన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అటవీశాఖ రికార్డుల్లో వాళ్లు ఆక్రమణదారులు. అంటే భూమి మునుగుతుంది కానీ భూమి కోల్పోయినట్టు లెక్కలోకి రాదు. కాలువల కింద పొలం పోయినవాళ్లూ, ఆనకట్ట దిగువన చేపల మీద బతికేవాళ్లూ కూడా ఆ తీర్పులోని భూమికి భూమి హామీలోకి రాలేదు. అడవి విషయమూ ఇక్కడే కలపండి. ముంపులోకి వచ్చిన 37 వేలకు పైగా హెక్టార్లలో 13 వేలకు పైగా అడవే. కలప, మేత, ఇప్పపువ్వు అన్నీ ఇచ్చే ఆ అడవికి పరిహారం కాగితం మీద ఏ పేరుతో రాస్తారు? "అడవులు నరికితే వర్షాలు తగ్గుతాయి" అనే రెడీమేడ్ వాక్యం కంటే ఈ ఒక్క ప్రశ్న మీ జవాబును పైకి లేపుతుంది.

ఇప్పుడు మధ్య పేరా ఎలా ఉండాలో చూడండి:

"ట్రిబ్యునల్ భూమికి భూమి ఇవ్వాలని చెప్పినా, పట్టాలేని ఆదివాసులు మొదట్లో ఆ లెక్కలోకి రాలేదు. వారి బతుకు పొలం మీదే కాక అడవి, నది మీద కూడా ఆధారపడింది. వాటికి పరిహారం లేదు. అందువల్ల సరైన పునరావాసం కోరుతూ మొదలైన పోరాటం, అందరికీ అది సాధ్యం కాదని తేలాక ఆనకట్టే వద్దనే దాకా వెళ్లింది."

చివరి వాక్యం గమనించారా? ఉద్యమం మొదటి రోజు నుంచీ "ఆనకట్ట వద్దు" అనలేదు. 1980ల మధ్యలో మేధా పాట్కర్ లాంటివాళ్లు ముంపు గ్రామాలు తిరిగినప్పుడు ముందు అడిగింది సమాచారం, పునరావాసం. ఈ మార్పు రాసినవాళ్ల పేపర్లు నాకు చాలా తక్కువ కనిపించాయి.

ఫలితం దగ్గర "ఉద్యమం గెలిచింది" అనో "ఓడిపోయింది" అనో ఒక్క మాటలో తేల్చేయకండి. ప్రపంచ బ్యాంకు నియమించిన మోర్స్ సమీక్ష 1992లో పునరావాసం, పర్యావరణం రెండింటిలోనూ లోపాలు చూపింది, 1993లో బ్యాంకు రుణం ఆగిపోయింది. 1995లో సుప్రీంకోర్టు పని ఆపించింది. 2000 అక్టోబరులో ఇద్దరు న్యాయమూర్తులు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు నిలిచిన తీర్పుతో మళ్లీ అనుమతి వచ్చింది. అయితే పునరావాసం జరిగిన మేరకే ఎత్తు దశలవారీగా పెంచాలన్నారు. చివరికి 138.68 మీటర్ల పూర్తి ఎత్తుతో 2017లో జాతికి అంకితం చేశారు. ఆనకట్ట ఆగలేదు, కానీ పునరావాసం లెక్క చెప్పకుండా ఎత్తు పెంచడం కష్టమైంది. ఈ రెండూ పక్కపక్కనే రాయండి. తేదీలన్నీ గుర్తు లేకపోతే 1979, 1993, 2000 చాలు.

టైమ్ విషయం: మార్జిన్ మాటలకు రెండు నిమిషాలు, రాయడానికి పన్నెండు. నర్మద పుట్టుక, ఉపనదులు అంటూ అర పేజీ నింపితే ఆ పన్నెండూ అక్కడే అయిపోతాయి.

ఈ వారం అభ్యాసం పోలవరం మీద. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు తెలంగాణ వైపు ఉన్న కొన్ని మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఆ కలపడానికీ ముంపుకీ ఉన్న సంబంధం ఏమిటి? మార్జిన్‌లో మూడు మాటలూ రాసి, మొదటిదాంతో మొదలుపెట్టి ఆరు వాక్యాల్లో జవాబు రాయండి. కోయలు, కొండరెడ్లు మీ మూడో మాట కింద వచ్చారో లేదో వచ్చే పాఠంలో చూద్దాం.