క్రిప్టోలోనో టెలిగ్రామ్ టిప్పులోనో డబ్బు పెట్టే ముందు

☐ ముందు లెక్క తేల్చుకోండి. ఆరు నెలల ఇంటిఖర్చు, పీఎఫ్, పిల్లల ఫీజుల కోసం దాచింది పక్కన పెట్టేయండి. మిగిలింది 4 లక్షలైతే అందులో 5 శాతం, అంటే 20,000. నేను పెట్టుకున్న హద్దు ఇదే, మీకు 2 శాతం చాలనిపిస్తే ఇంకా మంచిది.

☐ ఆ 20,000 వేరే బ్యాంకు ఖాతాలోకి మార్చి, ట్రేడింగ్ యాప్‌కి ఆ ఖాతా ఒక్కటే కలపండి. జీతం పడే ఖాతా కలిపి ఉంటే అర్ధరాత్రి ధర పడినప్పుడు "ఇంకో పదివేలు వేస్తే యావరేజ్ అవుతుంది" అనిపిస్తుంది, వేసేస్తాం కూడా (నేను వేశాను). పోతే ఈ ఏడాదికి అంతే, మళ్లీ నింపొద్దు.

☐ క్రిప్టో అయితే పన్ను కూడా లెక్కలోకి తీసుకోండి. ఒక కాయిన్‌లో 10,000 లాభం, ఇంకోదాంట్లో 10,000 నష్టం వచ్చిందనుకోండి, చేతికి మిగిలింది సున్నా, కానీ మన దేశంలో ఆ నష్టాన్ని లాభంలోంచి తీసేయనివ్వరు కాబట్టి 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్సు కలిపి 3,120 కట్టాల్సిందే.

☐ టిప్పు ఇచ్చినవాడికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందా? సెబీ సైట్‌లోనే వెతకండి, వాడు పంపిన స్క్రీన్‌షాట్ నమ్మొద్దు.

☐ చిన్న కంపెనీ షేరైతే రోజూ ఎన్ని షేర్లు చేతులు మారుతున్నాయో చూడండి. లోయర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకి ధర పడగలిగే చివరి హద్దు, తగిలితే కొనేవాడే ఉండడు, ఫలానా ధరకి పడితే అమ్మేయమని ముందే స్టాప్‌లాస్ పెట్టినా అమ్ముడుపోదు.

☐ 20,000 కాస్తా 50,000 అయితే? పైన వచ్చిన 30,000 ఎఫ్‌డీలోకి.