మీటింగ్ చిత్తుకాగితాన్ని మినిట్స్‌గా రాయడం ఎలా?

తిరుపతిలో మా అపార్టుమెంటుకు 32 ఫ్లాట్లు, తొమ్మిదిమంది కమిటీ. సెక్రటరీ పదవికి ఎవరూ పోటీ రాకపోవడంతో అది నాకు దక్కింది. ఏప్రిల్ 19, ఆదివారం సాయంత్రం, సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. అప్పుడు కరెంటు బిల్లు వెనకాల నేను రాసుకున్నది ఇదీ:

6.40. 7 మంది.
బోరు – 2 గం.కే గాలి. దించాలి 204. కొత్తది? 304 వద్దు.
3 పైపులు. 60. 35 దాటొద్దు. జాతర లోపు. సరే.
ట్యాంకరు – రోజు మార్చి రోజు – డబ్బు? మెయింట్.లోంచే.
301 పెళ్లి, హాలు.
లిఫ్టు – కొటేషన్ తెప్పిద్దాం.
వాచ్‌మన్ జీతం – 102 గొడవ – తర్వాత.

పది రోజుల తర్వాత ఈ కాగితం ముందు పెట్టుకుని మినిట్స్ రాశాను. అందులో పెద్ద తప్పే దొర్లింది. అందుకే వేరే ఉదాహరణ వెతక్కుండా, ఈ కాగితాన్నే సరిగ్గా ఎలా రాయాల్సిందో చెబుతాను.

మొదటి పని: ఆ రాత్రే ఒకసారి చదవండి

కాగితం మీదున్న 60ని చూడండి. పది రోజుల తర్వాత నాకది రూపాయల్లా కనబడింది. "ఖర్చు రూ.60,000 మించకూడదు" అని రాసేశాను. నిజానికి అవి అడుగులు. బోరులో మోటారు దించే పైపు ఒక్కోటి 20 అడుగులు, మూడు పైపులంటే 60. డబ్బు సంగతి ఆ పక్కనున్న 35, అంటే 35 వేలు. దాన్ని నేను అడుగులనుకున్నానో, ఇంకేమనుకున్నానో ఇప్పుడు గుర్తులేదు. బోరు మేస్త్రీ 52 వేలకు బిల్లు ఇచ్చాడు. ట్రెజరర్ నా మినిట్స్ తీసి చూసి, 60లోపే ఉంది కదా అని చెక్కు రాసేశారు. ఆయన్ని తప్పుపట్టడానికేం లేదు.

మీటింగ్ అయిన రాత్రి చదివి ఉంటే 60 పక్కన "అడుగులు" అని ఒక్క మాట చేర్చేవాణ్ని. చిత్తుకాగితంలో అంకెలకు యూనిట్లు ఉండవు, క్రియలకు కర్తలు ఉండరు. ఆ ఖాళీలు మనకు ఒక రోజు వరకే గుర్తుంటాయి. చేర్చే మాటలు మాత్రం వేరే రంగు పెన్నుతో రాయండి. మీటింగ్‌లో రాసిందేదో, తర్వాత గుర్తుతెచ్చుకుని చేర్చిందేదో విడిగా తెలియాలి. ఆ కాగితాన్ని మినిట్స్ ఆమోదం పొందేదాకా పారేయొద్దు.

రెండో పని: ప్రతి లైనుకూ ఒక గుర్తు పెట్టండి

లైను పక్కన నిర్ణయమైతే "ని", ఎవరైనా చేయాల్సిన పనైతే "ప", ఉత్త చర్చయితే "చ" అని రాయండి. ఒకే లైనుకు రెండు గుర్తులూ పడొచ్చు. మీటింగ్‌కు సంబంధం లేనిదాన్ని కొట్టేయండి. 301 వాళ్లమ్మాయి పెళ్లికి ఏ హాలు బాగుంటుందని పది నిమిషాలు మాట్లాడుకున్నాం. అది సంతోషమే గానీ మినిట్స్‌లోకి రాదు.

చిక్కంతా "ని" దగ్గరే. మన భాషలో "చేద్దాం", "చూద్దాం", "తెప్పిద్దాం" అన్నప్పుడు అందులో అందరూ ఉంటారు కాబట్టి ఫలానా మనిషంటూ ఉండడు. "కొటేషన్ తెప్పిద్దాం" అన్నాక అందరం తలలూపి ఇంటికెళ్లాం. తెప్పించాల్సింది ఎవరో ఎవరికీ తెలియదు. "చూద్దాంలే" అయితే మరీ కష్టం. దాన్ని ఒప్పుకోలు అనుకోవచ్చు, వాయిదా అనుకోవచ్చు, మర్యాదగా వద్దనడమూ కావచ్చు.

నేను ఇప్పుడు వాడే పరీక్ష ఒకటుంది. మీటింగ్‌కు రాని ట్రెజరర్ ఆ ఒక్క వాక్యం చూసి చెక్కు రాయగలరా? బోరు మేస్త్రీకి ఫోన్ చేసి ఫలానా పని చెయ్యమనగలరా? చేయగలిగితే అది నిర్ణయం. ఇంకా ఏదైనా అడగాల్సి వస్తే అది సగం నిర్ణయమే. మిగతా సగం కనుక్కుని రాయాలి.

మరి ఎవరూ వద్దనలేదు కదా అంటే, అంతమాత్రాన నిర్ణయమైపోదు. మా కాగితంలో బోరు లైను చివర "సరే" అని ఉంది. ప్రెసిడెంటు గారు "అయితే మూడు పైపులు దించుదాం, సరేనా?" అని పైకి అడిగారు, అందరూ సరేనన్నారు. కాబట్టి అది నిర్ణయం. లిఫ్టు లైనులో అలాంటి "సరే" లేదు.

మూడో పని: ఖాళీలను ఫోన్ చేసి నింపండి

సొంత ఊహతో నింపొద్దు. నిర్ణయం ఏమిటన్న అనుమానం వస్తే మీటింగ్ నడిపినవారిని అడగండి. పని ఎవరిదన్న అనుమానం వస్తే ఆ పని చేస్తారనుకున్న మనిషినే అడగండి. "సార్, బోరు పని మీరు చూసుకుంటానన్నారు కదా, మీ పేరే రాస్తున్నాను" అంటే చాలు. అవునంటారు, లేదా "నేనెప్పుడన్నాను?" అంటారు. రెండోది ముందే తెలియడం మేలు.

గడువు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. కాగితంలో "జాతర లోపు" అని ఉంది. తిరుపతిలో గంగజాతర మే నెలలో వస్తుందని అందరికీ తెలుసు. కానీ చాటింపు మొదలు అమ్మవారి విశ్వరూపం దాకా దాదాపు వారం పడుతుంది. లోపు అంటే చాటింపుకు ముందా, విశ్వరూపం అయ్యేలోగానా? చుట్టాలొచ్చేసరికి నీళ్లుండాలని 204 సార్ ఉద్దేశం, అంటే చాటింపుకు ముందే. మేస్త్రీకేమో జాతర అయ్యేదాకా టైముందని అర్థమైంది. "బ్రహ్మోత్సవాలయ్యాక", "పిల్లల పరీక్షలవగానే", "వచ్చే వారం" లాంటివన్నీ ఇంతే. ఆ మనిషిని అడిగి, క్యాలెండరు చూసి తారీఖు వేయాలి. ఇక్కడ అది మే 2, శనివారం.

ఎంత అడిగినా తారీఖు తేలకపోతే మీరు సొంతంగా ఒకటి వేయకండి. "గడువు నిర్ణయించలేదు" అనే రాయండి. ఆ మాట చూశాకైనా వచ్చే మీటింగ్‌లో ఎవరో ఒకరు తారీఖు చెబుతారు.

నాలుగో పని: సాఫు ప్రతి రాయండి

పైన సంఘం పేరు, తేదీ, చోటు, మొదలైన టైము, ముగిసిన టైము, వచ్చినవారు, రానివారు. కోరం సరిపోయిందని ఒక వాక్యం. ఎంతమంది ఉంటే కోరమో మీ సంఘం బైలాలో ఉంటుంది. మా బైలా ప్రకారం ఐదుగురు, ఆరోజు ఏడుగురం ఉన్నాం. తర్వాత అంశాలన్నీ ఎజెండా వరసలో రాయాలి. మాటలు ఏ వరసలో సాగాయన్నది అవసరం లేదు. బోరు అంశం ఇలా ఉండాల్సింది:

అంశం 1: బోరు మోటారు.
బోరులో నీటిమట్టం తగ్గి, మోటారు రెండు గంటలు నడవగానే గాలి వస్తోంది. కొత్త బోరు వేయడం, ఉన్న మోటారును కిందికి దించడం అనే రెండు మార్గాలనూ కమిటీ చర్చించింది.
నిర్ణయం: మోటారును 3 పైపులు, అంటే 60 అడుగులు, కిందికి దించాలి. మొత్తం ఖర్చు రూ.35,000 (ముప్పై ఐదు వేల రూపాయలు) మించకూడదు.
బాధ్యత: 204 ఫ్లాటు సభ్యులు. గడువు: మే 2.

చర్చ రెండు వాక్యాల్లో ముగిసింది చూడండి. 304 ఆయన కొత్త బోరు వద్దని గట్టిగానే వాదించారు, కానీ ఎవరు ఏమన్నారో రాయడం మొదలుపెడితే తర్వాతి మీటింగంతా "నేనలా అనలేదు" దగ్గరే తెల్లారుతుంది. నిర్ణయాన్ని వ్యతిరేకించిన సభ్యుడు తన అభ్యంతరం నమోదు చేయమని అడిగితే మాత్రం పేరుతో సహా రాయాలి. డబ్బును అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి. 60 అడుగుల దెబ్బ తిన్నవాడిగా చెబుతున్నాను.

"ఖర్చు పెరిగితే ముందుగా కమిటీని అడగాలి" అని ఇంకో వాక్యం చేర్చాలని ఎవరికైనా అనిపిస్తుంది. మంచి మాటే. కానీ ఆరోజు మీటింగ్‌లో ఎవరూ అనలేదు, కాబట్టి అది మినిట్స్‌లో ఉండకూడదు. కావాలంటే తర్వాతి ఎజెండాలో పెట్టండి. వాచ్‌మన్ జీతం విషయంలో కూడా అంతే. "102 గొడవ" అన్నది పోయి, "చర్చ పూర్తికానందున తదుపరి సమావేశానికి వాయిదా వేశారు" అన్నది మిగులుతుంది.

చివర్లో పనులన్నీ ఒక చిన్న పట్టికలో పెట్టండి. చాలామంది చదివేది అదొక్కటే.

| పని | ఎవరు | ఎప్పటిలోగా |
|---|---|---|
| మోటారు 60 అడుగులు దించడం | 204 | మే 2 |
| రోజు మార్చి రోజు ట్యాంకరు, మెయింటెనెన్స్ నిధి నుంచి | ట్రెజరర్ | బోరు పని ముగిసేదాకా |
| లిఫ్టు కొటేషన్లు | తేలలేదు | గడువు నిర్ణయించలేదు |
| వాచ్‌మన్ జీతం ఎజెండాలో చేర్చడం | సెక్రటరీ | తదుపరి సమావేశం |

"ఎవరు" అన్న గడిలో "కమిటీ" అని రాయొద్దు. ఇద్దరు కలిసి చేసే పనైనా జవాబు చెప్పేది ఒక్కరే ఉండాలి. మా పట్టికలో ఫ్లాటు నంబర్లు ఉన్నాయి, మీరు పేర్లు రాయండి.

ఐదో పని: పంపి, ఆమోదం తీసుకుని, తప్పుంటే పద్ధతిగా దిద్దండి

"ముసాయిదా" అని పైన రాసి, మార్పులుంటే ఫలానా తేదీలోగా చెప్పమని సభ్యులకు వాట్సాప్‌లో పంపండి. రెండు మూడు రోజుల్లో పంపితే మంచిది, అందరికీ ఇంకా గుర్తుంటుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం కంపెనీల మినిట్స్ సమావేశం ముగిసిన 30 రోజుల్లోగా, వరస నంబర్లున్న పేజీల పుస్తకంలోకి ఎక్కాలి. మనలాంటి సంఘాలకు బైలాయే దారి. అయినా పేజీ నంబర్లున్న పుస్తకం పెట్టుకోవడం మంచి అలవాటు, మధ్యలో ఒక పేజీ చిరిగిపోయినా వెంటనే తెలుస్తుంది.

నా 60 వేల తప్పు తర్వాతి మీటింగ్‌లో మినిట్స్ చదువుతుండగా బయటపడింది. "35 అనుకున్నాం కదప్పా, 60 ఎక్కడిది?" అని 304 ఆయన ఆపారు. చిత్తుకాగితం తెచ్చి చూపించాను. పాత అంకె మీద కనబడేలా అడ్డగీత కొట్టి, పక్కన 35,000 రాసి, ప్రెసిడెంటు గారు పొట్టి సంతకం చేశారు. వైట్నర్ పూయలేదు, పేజీ మార్చలేదు. ఆరోజు మినిట్స్‌లో మొదటి అంశంగా ఆ సవరణను నమోదు చేశాం.

అప్పుడు ఒకాయన సలహా ఇచ్చారు: "ఎలాగూ 52 వేలు కట్టేశాం కదా, 35కు బదులు 52 అని దిద్దితే గొడవ వదిలిపోతుంది." అలా చేయకూడదు. ఏప్రిల్ 19న కమిటీ ఒప్పుకున్నది 35 వేలకే, కాబట్టి ఆ రోజు మినిట్స్‌లో 35 వేలే ఉండాలి. అదనంగా పోయిన 17 వేలకు ఈ రోజు తేదీతో వేరే నిర్ణయం కావాలి. అందుకే రెండో అంశంగా దాన్ని పెట్టాం. "బోరు పనికి అనుమతించిన మొత్తం కంటే అదనంగా చెల్లించిన రూ.17,000ను (పదిహేడు వేల రూపాయలు) కమిటీ ఆమోదించింది. మినిట్స్‌లో దొర్లిన తప్పు వల్ల ఈ చెల్లింపు జరిగింది." ఈసారి ఆ వాక్యాన్ని మీటింగ్‌లోనే రాసి, పైకి చదివి వినిపించి, ఆ తర్వాతే కుర్చీలోంచి లేచాను.