100 కిలోహెర్ట్జ్‌లో బాగుండి 400లో తప్పే ఐ2సి బస్: పుల్-అప్ విలువ లెక్క

సమస్య
3.3 వోల్టుల బోర్డు నుంచి మీటరు పొడవు కేబుల్‌తో సెన్సర్ కలిపాం. 100 కిలోహెర్ట్జ్‌లో రీడింగులు సరిగ్గా వస్తున్నాయి. 400కి మార్చగానే ఒకసారి జవాబు రాదు, ఇంకోసారి తప్పు విలువ వస్తుంది. చాలామంది ముందు కోడ్‌ని అనుమానిస్తారు. నేనైతే ముందు ఎస్‌డీఏ లైన్ మీద స్కోప్ పెట్టమంటాను.

కారణం
ఐ2సిలో చిప్‌లు లైన్‌ని కిందికి లాగడమే చేస్తాయి. పైకి తెచ్చేది పుల్-అప్ రెసిస్టర్ ఒక్కటే. వైర్లు, పిన్నుల కెపాసిటెన్స్ అంతా దాని గుండానే నిండాలి కాబట్టి అంచు నిటారుగా కాకుండా సొరచేప రెక్కలా వంగి లేస్తుంది. వోల్టేజ్ 30 శాతం నుంచి 70 శాతానికి చేరే సమయం 100 కిలోహెర్ట్జ్‌లో 1000 నానోసెకన్ల దాకా ఉండొచ్చు. 400లో 300 దాటకూడదు.

మా లైన్‌లో ఆ సమయం 760 వచ్చింది. కరెంటు తీసేసి ఎస్‌డీఏకీ 3.3 వోల్టుల లైన్‌కీ మధ్య మల్టీమీటర్‌తో కొలిస్తే 4.7 కిలో ఓమ్‌లు. ఈ రెండిటితో బస్ కెపాసిటెన్స్ తెలిసిపోతుంది:

```
C = t / (0.8473 × R)
  = 760 ns / (0.8473 × 4.7 kΩ) ≈ 191 pF
```

కొలిచేటప్పుడు ప్రోబ్ 10ఎక్స్‌లోనే ఉండాలి. 1ఎక్స్‌లో ప్రోబే దాదాపు 100 పికోఫారడ్లు కలిపేస్తుంది. స్కోప్ తనంతట తాను చూపే రైజ్ టైమ్ సాధారణంగా 10 నుంచి 90 శాతానిది, దాన్ని ఈ లెక్కలో వాడకూడదు. కర్సర్లను 0.99, 2.31 వోల్టుల దగ్గర పెట్టి చూడండి.

పరిష్కారం

```
Rmax = 300 ns / (0.8473 × 191 pF) ≈ 1.85 kΩ
Rmin = (3.3 − 0.4) V / 3 mA ≈ 967 Ω
```

పై హద్దు వేగం వల్ల, కింది హద్దు చిప్ శక్తి వల్ల వచ్చాయి. 3 మిల్లీఆంపియర్లు లాగుతూ లైన్‌ని 0.4 వోల్టులకు దించగలనన్నదే మామూలు చిప్ ఇచ్చే హామీ. 1.8 కిలో ఓమ్ పెడితే సమయం 291 వస్తుంది, కానీ రెసిస్టర్‌లో 5 శాతం తేడా ఉంటే 300 దాటిపోతుంది. అందుకే 1.5 ఎంచుకున్నాం. ఉన్న 4.7ని ఊడదీయకుండా ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ రెండు లైన్లలోనూ దానికి సమాంతరంగా 2.2 కిలో ఓమ్‌లు కలిపితే దాదాపు 1.5 అయింది. సమయం 243కి దిగింది, తప్పులు ఆగాయి.

లైన్ పూర్తిగా కిందికి దిగకపోతే
ఇది తిరగబడ్డ సమస్య. ఒక్కో మాడ్యూల్ మీద సొంత పుల్-అప్ ఉంటుంది. 2.2 కిలో ఓమ్‌లున్నవి ఐదు కలిపితే మొత్తం 440 ఓమ్‌లే. తక్కువ స్థాయి 0.4 వోల్టుల పైనే ఆగిపోవచ్చు. కొన్ని మాడ్యూళ్ల రెసిస్టర్లు తీసేయాలి.

ఏ విలువా కుదరకపోతే
కెపాసిటెన్స్ 400 పికోఫారడ్లకు చేరితే పై హద్దు 885 ఓమ్‌లకు పడిపోతుంది, అంటే కింది హద్దు కన్నా తక్కువ. అప్పుడు కేబుల్ తగ్గించాలి, లేదా వేగం తగ్గించాలి, లేదా మధ్యలో ఐ2సి బఫర్ చిప్ పెట్టి బస్‌ని రెండు ముక్కలు చేయాలి.