పడక పక్కన మూల్యాంకనం, 4వ పాఠం: ఎడమ చేతిపై చూపు

చెక్‌లిస్టులోని ప్రతి అంశానికి, విద్యార్థిని తనంతట తాను సరిగా చేస్తే 2, గుర్తుచేసిన తర్వాత చేస్తే 1, చేయకపోతే 0 వేయాలని గత పాఠంలో నిర్ణయించుకున్నాం. స్త్రీ రోగికి ఫోలీస్ కాథెటర్ అమర్చడాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ పద్ధతిని ఇప్పుడు ఆచరణలో చూద్దాం.

చాలామంది పరీక్షకులు కాథెటర్ కొన మూత్రద్వారంలోకి వెళ్లే క్షణాన్నే చూస్తారు. అసలు పొరపాటు అంతకు ముందే, ఎడమ చేతిలో జరుగుతుంది. కుడిచేతి వాటం ఉన్న విద్యార్థిని ఎడమ చేతితో లేబియాను విడదీసి పట్టుకున్న క్షణం నుంచి ఆ చేయి స్టెరైల్ కాదు. కాథెటర్ లోపలికి వెళ్లి మూత్రం వచ్చేవరకు అది అక్కడే కదలకుండా ఉండాలి, ట్రేను తాకకూడదు. మధ్యలో వదిలితే లేబియా మూసుకుని, శుభ్రం చేసిన చోటును తాకుతాయి కనుక మళ్లీ శుభ్రం చేయాలి. అందుకే ఆమె రెండు చేతులూ, ట్రే ఒకే చూపులో కనిపించే చోట, వెలుతురుకు అడ్డం రాకుండా నిలబడండి.

ఒక ఉదాహరణ చూడండి. విద్యార్థిని దూదితో పైనుంచి కిందికి, ప్రతిసారీ కొత్త దూది వాడుతూ చక్కగా శుభ్రం చేసింది. కాథెటర్ అందుకునేలోగా రోగి మీది దుప్పటి జారింది. ఆమె ఎడమ చేతితో దాన్ని సర్ది, మళ్లీ లేబియాను విడదీసి కాథెటర్ పెట్టబోయింది. ఇక్కడ మార్కుల కోసం వేచి చూడకూడదు. "ఒక్క నిమిషం ఆగమ్మా, గ్లవ్స్ మార్చుకుని మళ్లీ శుభ్రం చెయ్యి" అని రోగి కంగారుపడని గొంతుతో చెప్పాలి. కారణం అక్కడ వివరించనక్కర లేదు.

తర్వాతి పని ఆమె బాగానే చేసింది: మూత్రం కనిపించాక కాథెటర్‌ను మరో 2.5 నుంచి 5 సెంటీమీటర్లు లోపలికి జరిపి, ఆ తర్వాతే కాథెటర్ మీద రాసి ఉన్నంత డిస్టిల్డ్ వాటర్ బెలూన్‌లోకి ఎక్కించింది. 20 అంశాలకు 40 మార్కులు ఉండగా 39 వచ్చాయి. అయినా ఇన్ఫెక్షన్‌కు దారితీసే కీలకమైన అంశంలో, ఆపి చెప్పిన తర్వాతే సరిచేసుకున్నందున, 1 మాత్రమే వచ్చింది కాబట్టి ఆమె ఈ ప్రొసీజర్‌ను మరోసారి పర్యవేక్షణలో చేయాల్సిందే. మొత్తం మార్కులు చూసి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టడం నేను ఒప్పుకోను.

దుప్పటి తాకిన వెంటనే తనే గమనించి, "మేడమ్, గ్లవ్స్ మార్చుకుంటాను" అని ఉంటే? కొందరు 1 వేస్తారు. నేను 2 వేస్తాను, ఎందుకంటే వార్డులో రాత్రి డ్యూటీలో ఆమెను ఆపడానికి పక్కన ఎవరూ ఉండరు.

వ్యాఖ్య గడిలో "అసెప్సిస్ సరిగా లేదు" అని రాస్తే ఆమెకు దిద్దుకునే ఆధారం దొరకదు. "శుభ్రం చేశాక ఎడమ చేతితో దుప్పటి సర్దింది, ఆపిన తర్వాత గ్లవ్స్ మార్చింది" అని చూసింది చూసినట్లు, పడక దగ్గరి నుంచి కదలకముందే రాయండి.

అభ్యాసం: కాథెటర్ పొరపాటున యోనిలోకి వెళ్లింది. విద్యార్థిని దాన్ని గుర్తుగా అక్కడే ఉంచి, మరో స్టెరైల్ కాథెటర్ అడిగింది. ఏ మార్కు వేస్తారో, వ్యాఖ్య గడిలో ఏమి రాస్తారో రాసి ఉంచుకోండి. 5వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.