పుట్టిన సర్టిఫికెట్‌లో తల్లిదండ్రుల పేరు తప్పు పడితే ముందు ఫారం 1 చూడండి

చెన్నైలో మన తెలుగువాళ్ల ఇంటిపేరు తరచూ తారుమారవుతుంది. ఆధార్‌లో ‘కొండా శ్రీనివాస్’ అని ఉన్న తండ్రి పేరు, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్‌లో ‘కె. శ్రీనివాసన్’ అయిందనుకోండి. కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లే ముందు ఆసుపత్రి రికార్డ్స్ సెక్షన్‌కి వెళ్లండి. వాళ్లు రిజిస్ట్రార్‌కి పంపిన జనన నివేదిక, అంటే ఫారం 1, కాపీ చూపించమని అడగండి. తప్పు ఎక్కడ పడిందో అందులో తెలిసిపోతుంది.

ఫారంలో పేరు సరిగ్గా ఉంటే, అది ఎక్కించేటప్పుడు దొర్లిన పొరపాటు. ఆ కాపీ, తల్లిదండ్రుల గుర్తింపు కార్డులు జతచేసి దరఖాస్తు ఇస్తే పని తేలిక. ఫారంలోనే తప్పుంటే ఆధార్ ఒక్కటే చూపించి ఒప్పించడం కష్టం. కేస్ షీట్, డిశ్చార్జ్ సమ్మరీ చూసి సరైన పేరు ధ్రువీకరిస్తూ ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఉత్తరం తీసుకోండి. సంతకం, సీలు, బిడ్డ పుట్టిన తేదీ అందులో తప్పనిసరిగా ఉండాలి. ఇలాంటి మార్పుకి, విషయం తెలిసిన ఇద్దరి వాంగ్మూలం కూడా అడుగుతారు.

పాత ఎంట్రీని చెరిపేయరు. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 15 ప్రకారం దాని పక్కన మార్జిన్‌లో సవరణ రాస్తారు.

బిడ్డ పేరు చేర్చడం వేరే పని, సెక్షన్ 14 కిందికి వస్తుంది. రిజిస్ట్రేషన్ నుంచి 12 నెలల లోపయితే ఫీజు లేదు, ఆ తర్వాత ఆలస్య రుసుము కట్టాలి. ఒకసారి ఎక్కిన పేరు మార్చడం చాలా కష్టం కాబట్టి, ఇంటిపేరు ముందా వెనకా, పూర్తిగానా ఇనిషియల్‌గానా అన్నది ఇంట్లోనే తేల్చుకుని అప్పుడు రాయండి.