లెక్కల పుస్తకం చదువుదాం – 4వ పాఠం: అమ్మకాల నుంచి నికర లాభం దాకా

పోయిన పాఠంలో ట్రయల్ బ్యాలెన్స్ నుంచి ఏ పద్దు లాభనష్టాల పట్టికలోకి వస్తుందో, ఏది బ్యాలెన్స్ షీట్‌లోకి పోతుందో విడదీశాం. ఈసారి ఎవరో తయారుచేసి మన చేతిలో పెట్టిన లాభనష్టాల పట్టికను పైనుంచి కిందికి సరిచూద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. అంకెలు చదివి వదిలేయకుండా మీరే ఒకసారి కూడి చూడండి.

కోవూరు పక్కన ఒక రైసుమిల్లు ఉందనుకుందాం. ఇద్దరు భాగస్తుల ఫర్మ్. బ్యాంకులో క్యాష్ క్రెడిట్ ఉంది, రెన్యువల్‌కి పట్టిక ఇవ్వాలి. గుమాస్తా ట్యాలీ నుంచి అంకెలు దించి ఎక్సెల్‌లో ఇలా తయారుచేశాడు. అంకెలన్నీ లక్షల్లో.

```
అమ్మకాలు (బియ్యం, నూకలు, తవుడు)      600
ధాన్యం కొనుగోళ్లు                     530
సరుకు నిల్వలో మార్పు                    20
స్థూల లాభం                             50
ఖర్చులు                                81
నిర్వహణ లాభం                          -31
ఇతర ఆదాయం                              1
పన్నుకు ముందు లాభం                    -30
```

ముందుగా కూడికలు చూస్తాం. 600లో 530, 20 తీసేస్తే 50. అందులో 81 పోతే 31 నష్టం, 1 కలిస్తే 30 నష్టం. సరిపోయింది. ఖర్చుల 81 ఎలా వచ్చిందో కూడా విడమరిచి చూడాలి. ఎక్సెల్‌లో మొత్తం వరుసకు పైన కొత్త వరుస చేర్చినప్పుడు `SUM` దాన్ని కలుపుకోకుండా వదిలేయడం మామూలే. అందుకే మొత్తం ఉన్న గడి మీద క్లిక్ చేసి, ఫార్ములా మొదటి ఖర్చు నుంచి చివరి ఖర్చు దాకా పోయిందా, లేక అక్కడ ఉత్త అంకె టైపు చేసి ఉందా అని చూసుకోండి. ఇక్కడ అన్నీ కలిశాయి.

కూడిక తప్పు లేదు కదా అని ఆగకూడదు. ఈ పట్టికలో మూడు తప్పులున్నాయి, ఒక్కటీ కూడికలో కనపడదు.

మొదటిదాన్ని బ్యాలెన్స్ షీట్ పట్టిస్తుంది. ఆ 30 నష్టాన్ని భాగస్తుల మూలధనం ఖాతాలకు తీసుకుపోతే, ఆస్తుల వైపు 40 ఎక్కువ వస్తోంది. ఇలాంటి తేడా వస్తే దాన్ని సగం చేసి చూడండి. 40లో సగం 20. పట్టికలో 20 ఎక్కడుందో వెతకండి. సరుకు నిల్వలో మార్పు! కూడాల్సిన అంకెను తీసేస్తే, తీసేయాల్సినదాన్ని కూడితే, తేడా ఎప్పుడూ ఆ అంకెకు రెట్టింపు వస్తుంది.

సంవత్సరం మొదట్లో మిల్లులో ఉన్న సరుకు 70, చివర్లో 90. అంటే కొన్న ధాన్యంలో 20 లక్షల విలువ ఇంకా గోడౌన్‌లోనే ఉంది, అమ్ముడుపోలేదు. అమ్మిన సరుకు ఖర్చులో దాన్ని కలపకూడదు. నిల్వ పెరిగితే ఖర్చులోంచి తీసేయాలి, తగ్గితే ఖర్చుకు కలపాలి. ఖర్చుల వరుసలో వేసేటప్పుడు దీన్ని -20 అని రాయాలి. గుమాస్తా ఆ గీత మరిచాడు.

ఇక్కడ ఇంకో రెండు విషయాలు చూసుకోవాలి. ప్రారంభ నిల్వ 70 అనేది పోయిన ఏటి బ్యాలెన్స్ షీట్‌లోని ముగింపు నిల్వతో రూపాయి తేడా లేకుండా కలవాలి. ముగింపు నిల్వ 90 నిజంగా గోడౌన్‌లో ఉండాలి. మన మిల్లులో 300 పుట్ల ధాన్యం, పుట్టి 20,000 చొప్పున 60 లక్షలు. బియ్యం, నూకలు కలిపి 30 లక్షలు. నెల్లూరు పుట్టి 850 కిలోలు, కాబట్టి 300 పుట్లంటే 2,550 క్వింటాళ్లు. లెక్క రాసినవాళ్లు పుట్టిని పది క్వింటాళ్లుగా తీసుకుని, రేటు మాత్రం క్వింటాలుకు సరిగ్గానే వేస్తే, లేని 450 క్వింటాళ్లు స్టాకులోకి ఎక్కుతాయి. దాదాపు పదిన్నర లక్షల లాభం గాలిలోంచి పుడుతుంది. ఈ తప్పును బ్యాలెన్స్ షీట్ పట్టివ్వదు, ఎందుకంటే ఆస్తి, లాభం రెండూ ఒకేసారి అంతే పెరుగుతాయి. గోడౌన్‌కు పోయి గోతాలు లెక్కపెట్టాల్సిందే.

గుర్తు సరిచేశాం. స్థూల లాభం 90కి చేరింది, అడుగున 30 నష్టం పోయి 10 లాభం వచ్చింది. బ్యాలెన్స్ షీట్ కూడా కలిసింది. చాలామంది ఇక్కడే ఫైలు మూసేస్తారు. అసలు జాగ్రత్త అవసరమైంది ఇక్కడే. అడుగున అంకె సరైనంత మాత్రాన మధ్యలో అంకెలు సరైనవని చెప్పలేం.

600 మీద 90 అంటే 15 శాతం స్థూల లాభం. ఇదే మిల్లుకు పోయిన ఏడాది 10 శాతమే ఉంది. రేట్లు పెద్దగా మారలేదు, మిషన్లు మారలేదు. మరి 5 శాతం ఎక్కడినుంచి వచ్చింది? అందుకే ఆ 81ని విప్పి చూద్దాం.

```
ధాన్యం దింపుడు బాడుగ, హమాలీ     12
మిల్లు కరెంటు, మిల్లు కూలీలు      18
జీతాలు                          12
బియ్యం పంపిన లారీ బాడుగ         10
తరుగుదల                         9
దళారీ కమీషన్                     4
రిపేర్లు                           3
ఆఫీసు ఖర్చులు                    2
బ్యాంకు వడ్డీ                     11
```

ఒక్కో ఖర్చును ఒకటే ప్రశ్న అడగండి: ఇది లేకుండా బియ్యం గోతంలో పడేదా? ధాన్యం కళ్లం నుంచి మిల్లుకు చేరకపోతే, రోలర్లు తిరగకపోతే బియ్యమే లేదు. కాబట్టి మొదటి రెండూ, మొత్తం 30, స్థూల లాభానికి పైన ఉండాలి. బియ్యాన్ని చెన్నైకి పంపిన లారీ బాడుగ అలా కాదు. అది సరుకు తయారయ్యాక అమ్మడానికి అయిన ఖర్చు, కింద ఉండటమే సరి. బాడుగ అన్న పేరు రెండింటికీ ఒకటే కావడంతో ట్యాలీలో రెండూ ఒకే లెడ్జర్‌లో కలిసిపోతుంటాయి. అప్పుడు వోచర్లు తీసి విడదీయాలి.

మిల్లు మిషన్ల తరుగుదల విషయంలో పద్ధతులు రెండున్నాయి. కొందరు పైన వేస్తారు, కొందరు కింద. నా ఉద్దేశంలో ఏది ఎంచుకున్నా ఏటేటా అదే చోట వేయడం ముఖ్యం. లేకపోతే పోయిన ఏడాదితో పోల్చి చూసే శాతానికి అర్థముండదు. ఈ మిల్లు కిందే వేస్తోంది, మనమూ అలాగే ఉంచుదాం.

30 పైకి పోయాక స్థూల లాభం 60, అంటే 10 శాతం. పోయిన ఏటితో కలిసింది.

మూడో తప్పు బ్యాంకు వడ్డీ. మిల్లు నడపడానికి అయిన ఖర్చు వేరు, డబ్బు అప్పు తెచ్చుకున్నందుకు కట్టేది వేరు. వడ్డీ నిర్వహణ లాభానికి కింద రావాలి. పైన ఉంచితే నిర్వహణ లాభం 9, కిందికి దించితే 20. నికర లాభానికి తేడా లేదు, బ్యాంకు మేనేజరుకు మాత్రం చాలా తేడా ఉంది. ఆయన నిర్వహణ లాభాన్ని వడ్డీతో భాగిస్తాడు. 9ని 11తో భాగిస్తే, ఈ మిల్లు వడ్డీకి సరిపడా కూడా సంపాదించట్లేదని అనిపిస్తుంది. నిజానికి 20ని 11తో భాగించాలి, 1.8 రెట్లు వస్తుంది. ఒక్క వరుస చోటు తప్పితే మంచి మిల్లుకు లిమిట్ తగ్గే ప్రమాదముంది.

సరిచేసిన పట్టిక ఇది.

```
అమ్మకాలు                              600.00
ధాన్యం కొనుగోళ్లు                       530.00
దింపుడు బాడుగ, కరెంటు, కూలీలు            30.00
సరుకు నిల్వలో మార్పు                    -20.00
స్థూల లాభం                              60.00
నిర్వహణ ఖర్చులు                         40.00
నిర్వహణ లాభం                            20.00
ఇతర ఆదాయం (డిపాజిట్ వడ్డీ)               1.00
బ్యాంకు వడ్డీ                            11.00
పన్నుకు ముందు లాభం                      10.00
ఆదాయపు పన్ను                             3.12
నికర లాభం                                6.88
```

ఫర్మ్ కాబట్టి పన్ను 30 శాతం, ఆ పన్ను మీద 4 శాతం సెస్. తేలిక కోసం భాగస్తుల జీతాలు, మూలధనం మీద వడ్డీ లేవనీ, పుస్తకంలో లాభమే పన్ను లెక్కలో లాభమనీ అనుకున్నాం.

పై వరుసలోని 600 కూడా ఒకసారి జీఎస్టీ రిటర్న్‌తో పోల్చండి. 2022 జూలై 18 నుంచి లేబుల్ వేసి ప్యాక్ చేసిన 25 కిలోల లోపు బియ్యం బస్తాలకు 5 శాతం పన్నుంది, 25 కిలోల బస్తాకు కూడా వర్తిస్తుంది. 26 కిలోల బస్తాలు అందుకే వచ్చాయి. చిన్న బస్తాలు అమ్మే మిల్లయితే వసూలు చేసిన ఆ పన్ను అమ్మకాల్లో కలవకూడదు. అది ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీ.

అభ్యాసం: ఇదే మిల్లుకు వచ్చే ఏడాది ప్రారంభ నిల్వ 90, ముగింపు నిల్వ 65 అనుకోండి. గుమాస్తా నిల్వలో మార్పును -25 అని వేశాడు. పన్నుకు ముందు లాభం ఎంత తేడా వస్తుంది, ఏ వైపుకు? జవాబు వచ్చే పాఠంలో చూసి, అక్కడినుంచి బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాకు స్టేట్‌మెంట్‌లోకి వెళ్దాం.